పెళ్లిరోజు ఫోటో అంచులోకి నడిచి వచ్చిన అపరిచితుణ్ణి తొలగించడం: ఫిల్ ఎంతవరకు, క్లోన్ ఎక్కడి నుంచి?

తూర్పుతీరం (శనివారం, ఉదయం 7:40)

అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నల నలభయ్యో పెళ్లిరోజు వచ్చే ఆదివారం. కిందటి డిసెంబరులో విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో ఉదయం పూట నా ఫోన్‌తో తీసిన వాళ్ల ఫోటోను 18 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తున అచ్చు వేయించి ఫ్రేము కట్టించాలని నా ఆశ. ఇద్దరూ మనసారా నవ్విన ఫోటో మా ఇంట్లో ఇదొక్కటే ఉంది.

చిక్కు కుడి అంచులో ఉంది. సరిగ్గా నొక్కే క్షణానికి ఎర్ర టీషర్టు వేసుకున్న ఒకాయన కుడివైపు నుంచి ఫ్రేములోకి నడిచి వచ్చారు. ఆయన శరీరం సగం ఫోటోలో, సగం ఫోటో బయట ఉంది. ఫోటో వెడల్పు 4000 పిక్సెళ్లు అయితే, ముందుకు ఊగిన ఆయన చేతివేళ్లు 3380 దగ్గర మొదలై మిగతా శరీరం అంచు వరకు పరుచుకుంది. అమ్మ కట్టుకున్నది లేత ఆకుపచ్చ జార్జెట్ చీర. గాలికి ఎగిరిన కొంగు చివర 3450 వరకు వచ్చి ఆయన చేతికి అడ్డంగా పడింది. సూర్యుడు కుడివైపు వెనక, ఫ్రేముకు బయట ఉన్నాడు కాబట్టి ఆయన నీడ తడి ఇసుక మీద ఏటవాలుగా అమ్మ పాదాల వైపు సాగింది.

మొదట ఫోన్‌లోని ఒక యాప్‌లో వేలితో రుద్ది చూశాను, ఆయన ఉన్నచోట మసక మరక మిగిలింది. తరువాత ఫోటోషాప్‌లో ఆయన చుట్టూ లాసో గీసి Content-Aware Fill చేశాను. ఆయన పోయారు గాని మూడు తప్పులు వచ్చాయి. సముద్రం మధ్యలో కైలాసగిరి కొండ ముక్క ఒకటి మొలిచింది. ఇసుకలో ఆకుపచ్చ చీర ముక్కలు తేలాయి. సముద్రమూ ఆకాశమూ కలిసే గీత అమ్మ భుజం దాటాక మెట్టులాగా కిందికి దిగింది. దీన్ని చక్కగా చేసే పద్ధతి తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

గట్టుమీద (శనివారం, ఉదయం 8:15)

ఇంత శ్రమ అవసరం లేదండీ. మనిషి అంచులోనే ఉన్నాడు కనుక ఆ అంచును కత్తిరించేస్తే సరిపోతుంది. 620 పిక్సెళ్లు తీసేసినా మీకు ఇంకా 3380 మిగులుతాయి. 18 అంగుళాలకు పంచితే అంగుళానికి 188 పిక్సెళ్లు దాకా వస్తాయి. గోడ మీద పెట్టి నాలుగడుగుల దూరం నుంచి చూసే ఫోటోకు అది చాలు. లేని ఇసుకను పుట్టించడం కంటే ఉన్నదాన్ని కోయడం నిజాయితీగా కూడా ఉంటుంది.

తూర్పుతీరం (శనివారం, ఉదయం 8:32)

మీ లెక్క సరైనదే, నేనూ ముందు అదే చేసి చూశాను. కాని అక్కడ కోస్తే కొంగు చివర తెగిపోతుంది. ఆ కొంగు ఎగురుతున్న తీరులోనే ఆ ఫోటో ప్రాణమంతా ఉంది. పైగా అలా కోశాక అమ్మ కుడి అంచుకు ఒరిగిపోయినట్టు, నాన్న వెనక ఎడమవైపు జాగా ఊరికే మిగిలిపోయినట్టు కనిపిస్తోంది. నీడ సంగతి కూడా ఉంది. ఆయన్ను కోసినా నీడ ఫ్రేములోనే మిగిలి, ఎవరో పక్కన నిలబడి చూస్తున్నట్టు అనిపిస్తుంది.

పాతస్టూడియో (శనివారం, ఉదయం 10:05)

నమస్కారం. ముప్పై ఏళ్లు స్టూడియో నడిపాను, అందులో ఇరవై ఏళ్లు పెళ్లి ఆల్బమ్‌ల రీటచింగే ప్రధానమైన పని. మీకు వచ్చిన మూడు తప్పులకూ ఒకే మూలం ఉంది, ముందు అది చెబుతాను.

ఫిల్ అనేది తెలియని చోటును ఊహించి గీసే పని కాదు. మీ ఫోటోలోనే మిగిలిన భాగాల నుంచి చిన్న చిన్న ముక్కలు ఏరి, ఖాళీ చుట్టూ ఉన్న పిక్సెళ్లకు నప్పేట్టు అతికిస్తుంది. మనిషి ఫోటో మధ్యలో ఉంటే ఆయనకు అటూ ఇటూ సముద్రం ఉంటుంది కాబట్టి, ఎడమ నుంచి బయలుదేరిన గీత కుడివైపు ఎక్కడ చేరాలో ఆ లెక్కకు తెలుస్తుంది. మీ ఫోటోలో ఆయన అంచును ఆనుకుని ఉన్నారు, ఆయనకు కుడిపక్కన ఒక్క పిక్సెల్ కూడా సముద్రం లేదు. అంటే ఇది అవతలి గట్టు లేని కాలువకు వంతెన కట్టడం వంటిది. క్షితిజ రేఖ ఎక్కడికి చేరినా తప్పని చెప్పేదేదీ అటువైపు లేదు, అందుకే మెట్టు పడింది. ముక్కలు ఎక్కడి నుంచి ఏరకూడదో మీరు చెప్పలేదు గనుక ఎడమవైపున్న కైలాసగిరి నుంచీ అమ్మగారి చీర నుంచీ కూడా తెచ్చుకుంది.

అందువల్ల మనిషిని మొత్తంగా ఒకే ఖాళీగా చూడకండి. ఆయన వెనక పై నుంచి కిందికి ఆకాశం, సముద్రం, నురుగు, తడి ఇసుక అని నాలుగు పట్టీలు ఉన్నాయి. ఒక్కో పట్టీని విడిగా నింపాలి. ఆకాశానికీ ఇసుకకూ ఫిల్ బాగా పనికివస్తుంది. క్షితిజ రేఖకూ నురుగు అంచుకూ కొంగు అంచుకూ క్లోన్ తప్పదు.

మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న. దీనికి ముందో వెనకో అదే చోట నిలబడి తీసిన ఫోటో ఇంకొకటి మీ ఫోన్‌లో ఉందా? మనుషులు కళ్లు మూసుకున్నా ఫరవాలేదు, ఆ ఎర్ర చొక్కా ఆయన అందులో లేకపోతే చాలు. నిజమైన సముద్రం దొరికినప్పుడు దొంగ సముద్రం పుట్టించే పని ఉండదు.

మెరుపుతీగ (శనివారం, ఉదయం 11:20)

నాది ఒక సూచన. అమ్మానాన్నలను జాగ్రత్తగా కత్తిరించి వేరే మంచి బీచ్ నేపథ్యం మీద పెట్టేస్తే అపరిచితుడి గొడవే ఉండదు కదా. ఉచితంగా దొరికే నేపథ్యాలు ఎన్నో ఉన్నాయి.

చిత్రిక (శనివారం, మధ్యాహ్నం 12:02)

మెరుపుతీగ గారూ, ప్రశ్న నేపథ్యం మార్చడం గురించి కాదు, ఒక అంచును సరిచేయడం గురించి. నేపథ్యం మారిస్తే ఇద్దరి జుట్టు, జార్జెట్ కొంగు, పాదాల కింద తడి ఇసుకలో కనిపించే ప్రతిబింబం, వెనక నుంచి పడిన వెలుగు అన్నీ కొత్త చోటుకు సరిపెట్టాలి. ఆరువందల పిక్సెళ్ల పట్టీలో ఉన్న చిక్కు నాలుగువేల పిక్సెళ్లకూ పాకుతుంది.

తూర్పుతీరం (శనివారం, మధ్యాహ్నం 1:48)

పాతస్టూడియో గారూ, మీరు అడిగాక వెతికితే దొరికింది! రెండు సెకన్ల ముందు తీసినది ఒకటి ఉంది. అందులో నాన్న కళ్లు మూసుకున్నారు, అందుకే పక్కన పెట్టేశాను. ఎర్ర చొక్కా ఆయన ఇంకా ఫ్రేములోకి రాలేదు, ఆయన నీడ కొన మాత్రం అంచులో కనిపిస్తోంది. అయితే నా చెయ్యి కొంచెం కదిలినట్టుంది, అల కూడా వెనక్కి పోయింది, కొంగు ఇంకా పైకి లేవలేదు. దీన్ని ఎలా వాడుకోవాలి?

పాతస్టూడియో (శనివారం, మధ్యాహ్నం 3:30)

సంతోషం. అయితే సగం పని అయిపోయినట్టే. క్రమంగా చెబుతాను.

ముందుగా మంచి ఫోటోలో క్షితిజ రేఖ వంపును కొలవండి. అమ్మగారి భుజం పక్కన ఒకచోట, ఆయన చేతికి కాస్త ముందు ఇంకొకచోట ఆ గీత ఎన్నో పిక్సెల్ ఎత్తున ఉందో చూడండి. నిట్టనిలువుగా పట్టుకున్నాననుకున్న ఫోన్ కూడా ఎంతోకొంత ఒరుగుతుంది. 900 పిక్సెళ్ల దూరంలో గీత 9 పిక్సెళ్లు దిగిందనుకోండి, అంటే అర డిగ్రీకి కాస్త ఎక్కువ వంపు. కంటికి అది తెలియదు. కాని 600 పిక్సెళ్లు ఎడమ నుంచి అదే ఎత్తున ఉన్న సముద్రాన్ని తెచ్చి అతికిస్తే గీత 6 పిక్సెళ్లు పైన పడుతుంది, ఆ మెట్టు మాత్రం అచ్చులో అందరి కంటికీ తెలుస్తుంది. కాబట్టి Ruler Tool తో క్షితిజ రేఖ మీద గీత లాగి Straighten Layer నొక్కి, ఫోటోను ముందే సరిచేసుకోండి. ఆ వంపుకు అంచుల్లో ముప్పై నలభై పిక్సెళ్లు పోతాయి, దానికి వెనుకాడవద్దు. తరువాత రూలర్ నుంచి ఒక అడ్డ గైడు దించి సరిగ్గా క్షితిజ రేఖ మీద పెట్టండి. ఇక మీదట లేని అవతలి గట్టు అదే.

పాత ఫోటోను మంచి ఫోటో మీద కొత్త లేయర్‌గా పెట్టండి. రెండింటినీ ఎంచి Edit > Auto-Align Layers ప్రయత్నించవచ్చు గాని, అలలు కదిలిపోతాయి కాబట్టి అది తికమకపడే అవకాశం ఉంది. నేనైతే పై లేయర్ ఒపాసిటీని సగానికి తగ్గించి, క్షితిజ రేఖను గైడు మీదకు, కైలాసగిరి శిఖరాన్ని శిఖరం మీదకు తెచ్చి చేతితోనే సర్దుతాను. దూరంలో ఉన్నవి కలిశాక దగ్గరి ఇసుక కొంచెం కలవకపోయినా కంగారు పడకండి, చెయ్యి కదిలినప్పుడు దగ్గరివి ఎక్కువగా జరుగుతాయి. ఆ తరువాత లేయర్‌కు నల్ల మాస్క్ వేసి, కుడి అంచులో అవసరమైన మేరకే తెల్ల బ్రష్‌తో తెరవండి.

ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్త కావాలి. ఆయన ఫ్రేములోకి రావడంతో ఫోన్ తనంతట తాను వెలుగును మార్చుకుని ఉండవచ్చు. పాత ఫోటో లేయర్‌కు మాత్రమే తగిలేట్టు ఒక Curves వేసి, అమ్మగారి పక్కనున్న ఆకాశంతో పోల్చి సరిచేయండి. రెండోది నురుగు. అల వెనక్కి పోయింది కనుక రెండు ఫోటోల్లో నురుగు గీతలు కలవవు. నురుగు దానంతట అదే తెగి ఉన్న చోటు ఒకటి వెతికి అక్కడే అతుకు పెట్టండి. నురుగు గీత మధ్యలో అతికితే ఎంత మెత్తని బ్రష్ వాడినా అతుకు దాగదు.

నీలిబొమ్మ (శనివారం, సాయంత్రం 5:10)

క్లోన్ స్టాంప్ వాడేటప్పుడు ఒపాసిటీ 20 లేదా 30 పెట్టుకుని, బాగా మెత్తని బ్రష్‌తో మళ్లీ మళ్లీ రుద్దితే అతుకు అస్సలు తెలియదు. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను. మొదటిసారే నూరు పెట్టుకుంటే ముక్క అతికించినట్టే ఉంటుంది.

పాతస్టూడియో (శనివారం, సాయంత్రం 6:00)

నీలిబొమ్మ గారు చెప్పినది నున్నని ఆకాశానికి కొంతవరకు నిజం. ఇసుకకు మాత్రం అది చేటు చేస్తుంది. తక్కువ ఒపాసిటీతో రుద్దినప్పుడు ఒక ఇసుక ముక్క మీద ఇంకొక ఇసుక ముక్క పలచగా పడి, రెండింటి రేణువులూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నాలుగుసార్లు రుద్దేసరికి ఇసుక పోయి పిండి మిగులుతుంది. చుట్టూ గరుకుగా ఉండి ఒక్కచోట మాత్రం నున్నగా ఉన్న మచ్చ, రంగు సరిగ్గా కలిసినా సరే, ఇక్కడేదో చేశారని చెబుతుంది. ఆకాశంలో కూడా ఫోన్ ఫోటోలకు సన్నని నాయిస్ ఉంటుంది, అదీ ఇలాగే చెరిగిపోతుంది.

ఇసుకలో ఒపాసిటీ నూరే ఉంచి, బ్రష్ కాఠిన్యం యాభై దరిదాపుల్లో పెట్టి, ఒక్కో చోట ఒక్కసారే వేయండి. పైనున్న ఆప్షన్ల పట్టీలో Sample దగ్గర Current & Below ఎంచుకుని ఖాళీ లేయర్ మీద పని చేస్తే ఏది తప్పినా చెరిపేయవచ్చు. ఆకాశం ఎక్కడైనా నున్నగా మారితే ఆ లేయర్‌కు Add Noise ఒక శాతమో ఒకటిన్నర శాతమో, Gaussian, Monochromatic పెట్టి, నూరు శాతం జూమ్‌లో పక్క ఆకాశంతో పోల్చండి.

మామిడితోట (శనివారం, రాత్రి 8:25)

నాకూ ఇటువంటి సమస్యే ఉంది, ఇదే చర్చలో అడుగుతున్నందుకు మన్నించండి. మా తాతగారి మండువా ఇంట్లో పెళ్లైన కొత్తలో మా అక్కాబావల ఫోటో తీశాను. అంచులో ఎవరో పిల్లవాడు పరుగెత్తుతూ దూరాడు. కింద నలుపు తెలుపు గచ్చు పలకలు చదరంగం బల్లలా పరిచి ఉన్నాయి. పక్క నుంచి క్లోన్ చేస్తే పలకల గీతలు కలవడం లేదు, దూరం పోయేకొద్దీ పలక చిన్నదవుతోంది. తూర్పుతీరం గారి పద్ధతి దీనికి పనికివస్తుందా?

పాతస్టూడియో (శనివారం, రాత్రి 9:00)

మామిడితోట గారూ, మీది వేరే జబ్బు. ఇసుకకు చారలు లేవు కాబట్టి పక్క నుంచి తెచ్చినా సరిపోతుంది. మీ పలకలకు దూరాన్ని బట్టి పరిమాణం మారుతుంది. Filter > Vanishing Point తెరిచి, నాలుగు పలకల మూలల మీద నాలుగు చుక్కలు పెట్టి నేలకు తలం గీయండి. దానిలోనే ఉన్న స్టాంపుతో క్లోన్ చేస్తే పలక దూరానికి తగ్గట్టు తానే చిన్నదవుతుంది. ముందే ఖాళీ లేయర్ ఒకటి ఎంచుకుని తెరిస్తే చేసినదంతా దాని మీదే పడుతుంది. నలుపు తెలుపుల క్రమం తప్పకుండా ఉండాలంటే ఒక పలక వదిలి రెండో పలక నుంచి తెచ్చుకోండి. మిగిలిన సందేహాలు వేరే చర్చగా పెడితే అక్కడ మాట్లాడుకుందాం.

సొంతదారి (ఆదివారం, ఉదయం 7:15)

ఫోటోషాప్ లేనివారి కోసం ఒక మాట. నేను గింప్ వాడతాను. దానికి రీసింథసైజర్ ప్లగిన్ చేర్చుకుంటే Filters > Enhance > Heal selection వస్తుంది. తూర్పుతీరం గారి వంటి ఫోటోకు అందులో Sample from అనే చోట Sides ఎంచుకోవడం చాలా మేలు చేస్తుంది. అప్పుడు పైనా కిందా వదిలేసి, ఎంచిన భాగానికి పక్కల నుంచే ముక్కలు తెస్తుంది. అలా చేస్తే ఆకాశం ఎత్తుకు ఆకాశమూ ఇసుక ఎత్తుకు ఇసుకా దొరుకుతాయి. Context sampling width మొదట 50 పిక్సెళ్లే ఉంటుంది. ఆరువందల పిక్సెళ్ల ఖాళీని 50 పిక్సెళ్ల సరుకుతో నింపితే అదే అల పదిసార్లు కనిపిస్తుంది. నేను 300 వరకు పెంచుతాను, కంప్యూటర్ కాసేపు ఆలోచిస్తుంది. అయితే మరీ పెంచితే అమ్మగారి చీర కూడా ఆ పరిధిలోకి వస్తుంది.

నా అభిప్రాయంలో ముందు ఫిల్ మొత్తం చేసేసి, తరువాత తప్పుల మీద క్లోన్ చేయడమే తేలిక. ముందే గీతలు క్లోన్ చేసుకుంటే ఫిల్ వాటిని తిరగరాస్తుంది.

పాతస్టూడియో (ఆదివారం, ఉదయం 8:40)

Sides గురించి చెప్పినది మంచి మాట, ఫోటోషాప్‌లో అదే పనిని Sampling Area ను Custom చేసి, కావలసిన చోట మాత్రమే ఆకుపచ్చ రంగు పూసి సాధిస్తాం. వరుస విషయంలో మాత్రం నేను మీతో ఏకీభవించలేను. క్షితిజ రేఖను ముందే క్లోన్‌తో అంచు వరకు తీసుకుపోతే ఖాళీ రెండుగా చీలుతుంది. పైన ఉన్నదానికి చుట్టూ ఆకాశం, కింద ఉన్నదానికి చుట్టూ సముద్రం అవుతాయి. ఫిల్‌కు ఇచ్చే సెలెక్షన్‌లో ఆ గీత లేకుండా చూసుకుంటే దాన్ని తిరగరాయడం ఉండదు.

సొంతదారి (ఆదివారం, ఉదయం 9:05)

మీ పద్ధతిలో గీత సరిగ్గా వస్తుందని ఒప్పుకుంటాను. కాని గీత చుట్టూ క్లోన్ చేసిన పట్టీకీ, ఫిల్ చేసిన పట్టీకీ మధ్య వెలుగు తేడా రావడం నేను చాలాసార్లు చూశాను. నేను నా వరుసలోనే పోతాను.

తూర్పుతీరం (ఆదివారం, రాత్రి 9:50)

రోజంతా కూర్చుని చేశాను. ఎక్కడెక్కడ ఏమైందో రాస్తున్నాను.

వంపు మీరు అన్నట్టే ఉంది, దాదాపు 900 పిక్సెళ్లకు 8 దిగింది. సరిచేసి గైడు పెట్టాక పాత ఫోటోను కొండ మీద కొండ ఉండేట్టు సర్దాను. కుడి అంచులో సముద్రమూ క్షితిజ రేఖా నిజమైనవే వచ్చాయి, చూడగానే చాలా ఆనందం కలిగింది. పాత ఫోటో కాస్త చీకటిగా ఉంటే Curves తో సరిచేశాను. నురుగు మాత్రం మూడుసార్లు అతికి, చివరికి ఒక చిన్న బండరాయి దగ్గర తెగిన చోటు దొరికితే అక్కడ కలిపాను.

ఇసుక దగ్గర ఒక పొరపాటు చేశాను. నీడ మీద క్లోన్ చేస్తూ పక్కనున్న పాదముద్రను గమనించకుండా రెండుసార్లు వేసేశాను. ఇంటికి వచ్చిన మా పెద్దమ్మ చూసి, "ఈ అడుగులు రెండూ ఒకే కాలివేంటమ్మా?" అని అడిగేదాకా నాకు తెలియలేదు. రెండూ కుడిపాదాలే, మడమ దగ్గర ఒకే గవ్వ! ఒకదాన్ని తీసి వేరేచోటి చదునైన ఇసుక వేశాను.

ఇప్పుడు మూడు చోట్ల ఆగిపోయాను. ఒకటి, ఫోటో కుడి అంచున పై నుంచి కింది వరకు దారంలా సన్నని ఎర్రగీత ఉంది, పెద్దది చేసి చూస్తేనే కనిపిస్తోంది. రెండు, కొంగు. కొంగు పలచగా ఉండటం వల్ల ఆయన చొక్కా ఎరుపు దానిలోంచి కనిపిస్తోంది. వెనకనున్న ఆయన్ను తీసేశాను గాని కొంగులో ఒక మూర మేర లేత ఆకుపచ్చకు బదులు మట్టి రంగు మిగిలింది. మూడు, నీడ పోయిన చోట ఇసుక బాగానే ఉంది గాని అమ్మ నీడతో కలిసే చోట గజిబిజిగా ఉంది.

పాతస్టూడియో (సోమవారం, ఉదయం 9:20)

మీ పెద్దమ్మగారి కన్ను గొప్పది. ఒకే ముద్ర రెండుసార్లు రావడమే క్లోన్‌లో మొదట దొరికే తప్పు. గవ్వ, పుల్ల, పాదముద్ర, నురుగు బుడగ వంటి గుర్తులున్న చోటు నుంచి తెచ్చుకోకుండా, గుర్తేమీ లేని ఇసుకనే మూలంగా ఎంచుకోండి. మీకై మీరు పట్టుకోవాలంటే ఫోటోను అద్దంలో కనిపించినట్టు కుడి ఎడమలు మార్చి చూడండి, అలవాటైన కన్నుకు అది కొత్త ఫోటోలా కనిపించి తప్పులు బయటపడతాయి. ఇంకో పరీక్ష ఉంది. అన్నిటికన్నా పైన ఒక Curves లేయర్ వేసి, ఆ గీతను అలలాగా రెండు మూడుసార్లు పైకీ కిందికీ లాగండి. రంగులు వికారంగా మారిపోతాయి, కాని కంటికి అందని వెలుగు తేడాలన్నీ అతుకుల దగ్గర గీతలుగా కనిపిస్తాయి. సరిచేసుకున్నాక ఆ లేయర్ తీసేయండి.

ఎర్రగీత సంగతి. మీ మాస్కు చివరి రెండు మూడు పిక్సెళ్ల దాకా నిండుగా తెరుచుకోలేదు. అంచున మెత్తని బ్రష్ ఆగిపోయినా, సెలెక్షన్‌కు ఫెదర్ ఇచ్చేటప్పుడు Apply effect at canvas bounds దగ్గర టిక్కు ఉన్నా, అంచులో ఎంపిక పలచబడి పాత మనిషి కొద్దిగా మిగులుతాడు. ఫోటోను చిన్నది చేసుకుని, చుట్టూ బూడిద రంగు జాగా కనిపించేట్టు పెట్టి, గట్టి బ్రష్‌ను ఆ జాగాలో మొదలుపెట్టి లోపలికి లాగండి.

ఇక కొంగు, ఈ ఫోటోలో అసలు కష్టం ఇదే. పట్టుచీర అయితే ఈ బాధ ఉండేది కాదు, అది వెనకదాన్ని మూసేస్తుంది. జార్జెట్‌లో మీకు కనిపించే రంగు సగం చీరది, సగం వెనకనున్నది. పాత ఫోటోలో కొంగు వేరే చోట ఉంది కాబట్టి అది ఇక్కడ ఆదుకోదు. ముందు Pen Tool తో కొంగు అంచు వెంట గీత గీసి సెలెక్షన్‌గా మార్చండి, ఫెదర్ ఒక పిక్సెల్ మించవద్దు. ఆ సెలెక్షన్ లోపల కొత్త లేయర్ వేసి దాని మోడ్ Color గా మార్చండి. వెనక సముద్రం ఉన్న కొంగు భాగం నుంచి రంగు తీసుకుని మట్టి రంగు మీద పూయండి. Color మోడ్ వెలుగునీడలను ముట్టుకోదు కాబట్టి నేత, మడతలు అలాగే ఉండి రంగు మాత్రమే మారుతుంది.

దానితో ఎరుపు పోతుంది గాని ఆయన చేతి ఆకారం పోదు. చెయ్యికీ సముద్రానికీ మధ్యనున్న వెలుగు తేడా కొంగులోంచి లీలగా ఒక గీతలా కనిపిస్తుంది. అక్కడ మాత్రం క్లోనే చేయాలి. Window > Clone Source తెరిచి, కొంగులోనే అదే తీరున మడత పడిన మరో చోటును మూలంగా తీసుకుని, మడత వాలుకు తగ్గట్టు ఆ మూలాన్ని కొన్ని డిగ్రీలు తిప్పండి. పలచని నీడగా మూలం తెరమీద కనిపిస్తుంది గనుక మడత మీద మడత పడేట్టు సర్దుకున్నాకే వేయండి. ఇక్కడ Healing Brush వాడకండి, అంచు దగ్గరకు వెళ్లగానే అది సముద్రపు నీలాన్ని కొంగులోకి లాగుతుంది.

చిత్రిక (సోమవారం, మధ్యాహ్నం 12:45)

నీడ గురించి నాది వేరే అభిప్రాయం. నీడ పడిన చోట ఇసుక ఎక్కడికీ పోలేదు, వెలుగు మాత్రమే తగ్గింది. నీడ ఆకారానికి మాస్క్ గీసి Curves తో వెలుగు పెంచితే అక్కడి అసలు ఇసుకే తిరిగి వస్తుంది. నీడలోని ఇసుకకు ఆకాశం నుంచి మాత్రమే వెలుగు వస్తుంది కనుక అది నీలంగా ఉంటుంది. వెలుగుతో పాటు Blue చానెల్‌ను కొంచెం దించాలి. అమ్మగారి నీడతో కలిసే చోట క్లోన్ కంటే ఇదే శుభ్రంగా వస్తుందని నా అనుభవం.

ఇంకొకటి మరిచిపోకండి. తడి ఇసుకలో ఆయన పాదాలకు సూటిగా కింద ఎర్రని ప్రతిబింబం కూడా ఉంటుంది. అది నీడతో పాటు పక్కకు వాలదు, నిలువుగా కిందికే పడుతుంది. మనిషినీ నీడనూ తీసి దీన్ని వదిలేసిన ఫోటోలు చాలా చూశాను.

పాతస్టూడియో (సోమవారం, మధ్యాహ్నం 1:30)

ప్రతిబింబం గుర్తు చేసినందుకు ధన్యవాదాలు, నేను చెప్పవలసినది మరిచాను. నీడను వెలిగించే పద్ధతి రా ఫైలు ఉంటే నేనూ ఒప్పుకుంటాను. ఇది ఫోన్ జేపెగ్. నీడలో వివరం అప్పటికే కుదించుకుపోయి ఉంటుంది, వెలుగు పెంచితే నాయిస్‌తో పాటు ఎనిమిది పిక్సెళ్ల గడులు బయటపడతాయి. అదీగాక నీడ అంచు పాదం దగ్గర పదునుగా, దూరం పోయేకొద్దీ మెత్తగా ఉంటుంది. మాస్కు కూడా అలాగే మెత్తబడకపోతే చుట్టూ తెల్లని అంచు మిగులుతుంది.

చిత్రిక (సోమవారం, మధ్యాహ్నం 2:10)

తెల్ల అంచు సంగతి నిజమే, దాన్ని తరువాత క్లోన్‌తోనే సరిచేస్తాను. కాని వెనక సూర్యుడున్నప్పుడు ఫోన్లు నీడలను తామే కొంత తేలిక చేస్తాయి కాబట్టి గడులు మీరనుకున్నంత రావు. ఆ ఒక్క చోట రెండూ చేసి చూడమని తూర్పుతీరం గారికి నా మనవి.

తూర్పుతీరం (మంగళవారం, రాత్రి 10:35)

రెండూ చేశాను. అమ్మ పాదాలకు దూరంగా ఉన్న నీడకు క్లోన్ బాగా కుదిరింది. అమ్మ నీడకు ఆనుకున్న జానెడు చోట Curves నయమనిపించింది, కొద్దిగా గరుకు వచ్చింది గాని తడి ఇసుకలో కలిసిపోయింది. ఎర్ర ప్రతిబింబం నిజంగానే మిగిలి ఉంది, చిత్రిక గారు చెప్పకపోతే అచ్చు వేయించాకే చూసేదాన్ని. అంచులోని ఎర్రగీత పోయింది.

కొంగులో Color లేయర్ వేయగానే ఆకుపచ్చ తిరిగి వచ్చింది. చేతి ఆకారం మాత్రం వేళ్ల దగ్గర ఇంకా పూర్తిగా పోలేదు. మడత తిప్పి వేస్తే ఒకచోట కుదిరింది, కొన దగ్గర జరీ అంచు వాలు కలవడం లేదు. తెలిసిన నాకు కనిపిస్తోంది, మా తమ్ముడికి చూపిస్తే ఎక్కడో చెప్పలేకపోయాడు. రేపు ఆ మూల ఒక్కటి అసలు పరిమాణంలోనే చిన్న ముక్కగా అచ్చు వేయించి చూస్తాను. కాగితం మీద కూడా వేళ్లు కనిపిస్తే జరీ అంచును మళ్లీ మొదటి నుంచి గీయాలి. అచ్చు చూశాక ఇక్కడే రాస్తాను.

పాతస్టూడియో (మంగళవారం, రాత్రి 11:00)

ముక్క అచ్చు వేయించడం మంచి ఆలోచన. జరీ అంచుకు ఒక ఉపాయం: అంచును వేళ్లు లేని చోట నుంచి సెలెక్షన్‌తో కత్తిరించి విడి లేయర్‌గా పెట్టుకుని, Edit > Transform > Warp తో కొన వంపుకు వంచి చూడండి. క్లోన్ మూలాన్ని తిప్పగలదు గాని వంచలేదు, మీకు కుదరనిది బహుశా అందుకే. లేయర్లన్నీ ఉన్న పీఎస్‌డీని భద్రంగా ఉంచుకోండి, అచ్చుకు వేరే ప్రతి ఇవ్వండి.